క్వార్టర్ సేల్స్ రిపోర్టును ఆర్‌ఎస్‌ఎంకు ఒక్క పేజీలో ఇవ్వడం ఎలా?

ప్రశ్న: "ఎఫ్‌ఎంసీజీ కంపెనీ రీజినల్ ఆఫీసులో ఎంఐఎస్ చూస్తున్నాను. క్వార్టర్ అయ్యాక హెడ్ ఆఫీసు నుంచి టేబుళ్ల మీద టేబుళ్లు వస్తాయి. ముఖ్యమైన అంకెలు, ట్రెండు, తేడాగా కనిపించేవి ఒక్క పేజీలో రాసి ఇవ్వమని మా రీజినల్ సేల్స్ మేనేజర్, అంటే ఆర్‌ఎస్‌ఎం గారు అడుగుతారు. టార్గెట్, అచీవ్‌మెంట్, గ్రోత్ రాసి పంపితే 'ఇది నాకు తెలిసిందే కదా' అంటున్నారు. అసలు ఏం రాయాలి?"

సమాధానం:

ప్రైమరీ, సెకండరీ, డిస్ట్రిబ్యూటర్ల దగ్గర మిగిలిన స్టాకు, ఈ మూడింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివి, వాటి మధ్య కుదరని చోటును మొదట రాయండి. ప్రైమరీ అంటే మనం డిస్ట్రిబ్యూటర్‌కు బిల్ చేసింది, సెకండరీ అంటే డిస్ట్రిబ్యూటర్ దుకాణాలకు అమ్మింది. టార్గెట్ ఎంత, ఎంత బిల్ చేశాం అన్న లెక్క ఆర్‌ఎస్‌ఎం ఫోనులో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ బిల్ చేసిన సరుకు దుకాణాలకు వెళ్లిందా, డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లోనే ఉండిపోయిందా అన్నది మాత్రం మూడు టేబుళ్లు కలిపి చూస్తే తప్ప తెలియదు. మీ పేజీకి విలువ వచ్చేది అక్కడే.

నేను చాలాకాలం ఇదే పని చేసి, ఇప్పుడు అలాంటి పేజీలు చదివే వైపు ఉన్నాను. ఒక ఉదాహరణతో చెబితే సులువుగా ఉంటుంది. 2025 జూలై–సెప్టెంబర్ క్వార్టర్‌ను తీసుకుంటాను, ఎందుకంటే పై పైన చదివినవాళ్లను తప్పుదారి పట్టించడానికి కావలసినవన్నీ ఆ మూడు నెలల్లో ఉన్నాయి. కింది అంకెలు ఏ కంపెనీవీ కావు, లెక్క అర్థం కావడానికి నేను కూర్చినవి. సబ్బులు, తలనూనె, డిటర్జెంట్ అమ్మే ఒక ఆంధ్ర రీజియన్ అనుకోండి. అంకెలన్నీ రూ. లక్షల్లో, పన్ను కలపకుండా, డిస్ట్రిబ్యూటర్ కొన్న ధరలో ఉన్నాయి.

| ఏరియా | టార్గెట్ | ప్రైమరీ | పోయినేడు ప్రైమరీ | సెకండరీ | జూన్ 30 స్టాకు | సెప్టెంబర్ 30 స్టాకు |
|---|---|---|---|---|---|---|
| విజయవాడ | 620 | 574 | 560 | 590 | 118 | 102 |
| విశాఖపట్నం | 540 | 492 | 505 | 520 | 104 | 76 |
| రాజమండ్రి | 410 | 418 | 370 | 372 | 74 | 120 |
| తిరుపతి | 380 | 342 | 348 | 356 | 70 | 56 |
| కర్నూలు | 300 | 264 | 277 | 272 | 58 | 50 |
| మొత్తం | 2250 | 2090 | 2060 | 2110 | 424 | 404 |

మీరు ఇప్పటిదాకా పంపుతున్న పద్ధతిలో అయితే ఈ టేబుల్ నుంచి వచ్చే పేజీ ఇలా ఉంటుంది: "టార్గెట్‌లో 93 శాతం సాధించాం, పోయినేడుతో పోలిస్తే 1.5 శాతం పెరిగాం, టార్గెట్ దాటిన ఏకైక ఏరియా రాజమండ్రి, దాని గ్రోత్ 13 శాతం." ఇందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు, కానీ దీన్ని నమ్మి రాజమండ్రి ఏరియా మేనేజర్‌ను మీటింగ్‌లో లేపి చప్పట్లు కొట్టించిన ఆర్‌ఎస్‌ఎం అక్టోబర్ నెలాఖరుకు ఇబ్బందిలో పడతారు.

ముందుగా టేబుళ్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా చూడండి. రాయడం మొదలుపెట్టక ముందే చేయవలసిన పని ఇది. క్వార్టర్ మొదట్లో ఉన్న స్టాకుకు ప్రైమరీ కలిపి, సెకండరీ తీసేస్తే, క్వార్టర్ చివరి స్టాకు రావాలి. పై టేబుల్‌లో ఏరియా పేర్లు A కాలమ్‌లో, చివరి స్టాకు G కాలమ్‌లో ఉంటే, ఈ రెండు ఫార్ములాలు చాలు:

```
=F2+C2-E2-G2
=ROUND(G2/(E2/92),0)
```

మొదటిది సున్నా రావాలి. డ్యామేజీలు, రిటర్నుల వల్ల కొద్దిగా తేడా రావచ్చు. పెద్ద తేడా వస్తే మాత్రం అది వ్యాపారం కబురు కాదు, డేటా కబురు. అన్ని ఏరియాల్లోనూ ఒకే వైపుకు, దాదాపు ఒకే శాతంలో తేడా వస్తోందంటే సెకండరీని దుకాణదారు కొన్న ధరలో లెక్కకట్టారని అనుమానించండి. ఆ ధరలో డిస్ట్రిబ్యూటర్ మార్జిన్ కలిసి ఉంటుంది. మార్జిన్ 5 శాతం అనుకుంటే మన 2110 కాస్తా 2215 దగ్గర కనిపిస్తుంది, గోడౌన్‌లో లేని కోటి రూపాయల సరుకు కాగితం మీద అమ్ముడైపోతుంది. ఒక్క ఏరియాలోనే తేడా వస్తే సాధారణంగా ఎవరో ఒక డిస్ట్రిబ్యూటర్ డేటా సింక్ కాలేదని అర్థం. రెండో ఫార్ములా, ఉన్న స్టాకు ఎన్ని రోజుల అమ్మకానికి సరిపోతుందో చెబుతుంది. ఆ క్వార్టర్‌లో 92 రోజులు కాబట్టి 92 పెట్టాను.

రెండో ఫార్ములా ఫలితం చూడండి. విజయవాడ 16 రోజులు, విశాఖపట్నం 13, తిరుపతి 14, కర్నూలు 17. రాజమండ్రి మాత్రం 30. జూన్ చివర్లో అదే రాజమండ్రిలో ఉన్న స్టాకు ఇదే వేగంతో చూస్తే 18 రోజులకు సరిపడేది. అంటే టార్గెట్ దాటిన ఏకైక ఏరియాలో దుకాణాలకు వెళ్లింది 372 లక్షలు, బిల్ చేసింది 418 లక్షలు. తేడా 46 లక్షలు గోడౌన్లలో కూర్చుని ఉంది. పోయినేడు అక్కడి సెకండరీ 358 లక్షలు అనుకుంటే అసలు పెరుగుదల 4 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. మొత్తం రీజియన్ సెకండరీ పోయినేడు 2030 అనుకుంటే ఇప్పుడు 2110, అంటే 3.9 శాతం. రాజమండ్రిలో గిరాకీ తక్కిన ఊళ్లలో ఉన్నట్టే ఉంది, ప్రత్యేకంగా ఏమీ లేదు.

మిగతా నాలుగు ఏరియాల్లో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. వాటి స్టాకు 350 నుంచి 284కు, అంటే 66 లక్షలు తగ్గింది. ఒకచోట 46 ఎక్కువ బిల్ అయింది, తక్కినచోట్ల 66 తక్కువ బిల్ అయింది. మొత్తం వరసలో ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, 20 లక్షల చిన్న తగ్గుదలగా నెమ్మదిగా కనిపిస్తాయి. మొత్తం వరస ఒక్కటే చదివేవారికి ఏమీ జరగనట్టే ఉంటుంది. కాబట్టి ఇలాంటి క్వార్టర్‌లో హెడ్‌లైన్ అంకెగా సెకండరీ గ్రోత్ 3.9 శాతాన్ని పెట్టండి, ప్రైమరీ 1.5 శాతాన్ని దాని పక్కన పెట్టి, రెండింటికీ మధ్య తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఒక వాక్యంలో చెప్పండి. రాజమండ్రి స్టాకు పెరగకుండా ఉండి ఉంటే ప్రైమరీ 2044 అయ్యేదనీ, అది పోయినేటికన్నా 0.8 శాతం తక్కువనీ కూడా రాయవచ్చు. గ్రోత్ గుర్తు కూడికనుంచి తీసివేతకు మారిపోయే ఆ ఒక్క వాక్యం దగ్గర ఏ ఆర్‌ఎస్‌ఎం అయినా ఆగి చదువుతారు.

ఇక ట్రెండు. క్వార్టర్ మొత్తానికి ఒక్క గ్రోత్ శాతం ఇవ్వడం ట్రెండు కాదు, నెలలుగా విడదీయాలి. మన ఉదాహరణలో ప్రైమరీ జూలైలో 735, ఆగస్టులో 745, సెప్టెంబర్‌లో 610. పోయినేడు ఇవే నెలలు 675, 690, 695. జూలైలో 9 శాతం, ఆగస్టులో 8 శాతం పెరిగి, సెప్టెంబర్‌లో 12 శాతం పడిపోయింది. 1.5 శాతం అనే వేగంతో మన వ్యాపారం ఈ మూడు నెలల్లో ఏ నెలలోనూ నడవలేదన్నమాట.

సెప్టెంబర్ ఎందుకు పడింది? కారణం అందరికీ తెలిసిందే అనిపిస్తుంది. జీఎస్టీ కౌన్సిల్ 2025 సెప్టెంబర్ 3న రేట్లు మార్చింది, సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, తలనూనె, షాంపూ, టూత్‌పేస్టు వంటివి 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. ఇరవై రోజుల్లో రేటు తగ్గుతుందని తెలిశాక ఏ దుకాణదారూ పాత ఎంఆర్‌పీ సరుకు నింపుకోడు, డిస్ట్రిబ్యూటర్ కూడా ఉన్నది వదిలించుకునే పనిలోనే ఉంటాడు. ఇంతవరకు బాగుంది. అయితే అందరూ చెబుతున్న కారణాన్ని మీ టేబుల్ కూడా ఒప్పుకుంటుందో లేదో చూడకుండా రాయవద్దు. పండుగల తేదీలు కూడా మారాయి: వినాయక చవితి 2024లో సెప్టెంబర్ 7న వస్తే 2025లో ఆగస్టు 27నే వచ్చింది, దసరా అక్టోబర్ 12 నుంచి అక్టోబర్ 2కు జరిగింది. మొదటిది సెప్టెంబర్‌నుంచి కొంత అమ్మకాన్ని ఆగస్టుకు లాగుతుంది, రెండోది అక్టోబర్ సరుకును సెప్టెంబర్‌కు తెస్తుంది. పడిపోవడానికి పండుగే కారణమా, పన్నే కారణమా అన్నది తేలాలి.

అదృష్టం కొద్దీ ఇక్కడ ఒక సహజమైన పరీక్ష ఉంది. డిటర్జెంట్లకు జీఎస్టీ మారలేదు, 18 శాతంలోనే ఉన్నాయి. పన్నే కారణమైతే సబ్బులు, తలనూనె పడాలి, డిటర్జెంట్ పడకూడదు. సెప్టెంబర్ ఉత్పత్తుల టేబుల్ చూస్తే సబ్బులు, తలనూనె కలిపి 460 నుంచి 327కు, అంటే 29 శాతం తగ్గాయి. డిటర్జెంట్ 235 నుంచి 283కు, అంటే 20 శాతం పెరిగింది. మొదటి సగం మనం ఊహించినట్టే ఉంది కానీ రెండో సగం మరీ బాగుంది. డిటర్జెంట్ 20 శాతం ఎందుకు పెరగాలి? ఏ కొత్త స్కీమూ లేదు, ధర తగ్గలేదు. ఊహకు అనుకూలంగా వచ్చిన అంకెను కూడా అనుమానించాలని నేను పట్టుబట్టేది ఇలాంటి చోటే. ఏరియాలుగా విడదీస్తే, రాజమండ్రి డిటర్జెంట్ పోయినేడు సెప్టెంబర్‌లో 46 ఉంటే ఈసారి 88 ఉంది. రాజమండ్రిని పక్కన పెడితే మిగతా నాలుగు ఏరియాల డిటర్జెంట్ 189 నుంచి 195కు, 3 శాతం పెరిగింది. ఇప్పుడు పన్ను వాదన సరిగ్గా నిలబడింది, రాజమండ్రి సంగతి కూడా మరింత బయటపడింది.

తేడాగా కనిపించినదాన్ని రాసేముందు, తేడా కాకపోవడానికి ఉన్న దారులన్నీ మూసి చూడండి. రాజమండ్రి విషయంలో ఏరియా మేనేజర్ చెప్పగల సమాధానం ముందే ఊహించవచ్చు: "సెప్టెంబర్ 22 తర్వాత కొత్త రేటు సరుకు అందరూ నింపుకున్నారు సార్, మావాళ్లు ముందుగా నింపారు." మాట సమంజసంగానే ఉంది. కానీ రేటు మారినందుకు నింపుకున్నదైతే అది సబ్బులు, తలనూనె అయి ఉండాలి. రోజువారీ బిల్లింగ్ తెరిస్తే, రాజమండ్రి సెప్టెంబర్ ప్రైమరీ 162 లక్షల్లో 71 లక్షలు ఆఖరి మూడు రోజుల్లో పడ్డాయి, ఆ 71లో 49 డిటర్జెంటే. పన్ను మారని సరుకును పన్ను మారినందుకు ఎవరూ నింపుకోరు. ఆ వివరణ సరిపోదని తేలిపోయింది.

ఇంకా రెండు మామూలు కారణాలు చూడాలి. కొత్త డిస్ట్రిబ్యూటర్‌ను పెట్టి ఉంటే మొదటి సరుకు ఒకేసారి దిగుతుంది, స్టాకు రోజులు పెరుగుతాయి, అందులో తప్పేమీ లేదు. డిస్ట్రిబ్యూటర్ మాస్టర్‌లో ఆ క్వార్టర్‌లో తెరిచిన కోడ్ ఏదైనా ఉందేమో చూస్తే తెలుస్తుంది. రెండోది, పక్క ఏరియా డిస్ట్రిబ్యూటర్ ఎవరినైనా రాజమండ్రి కింద కలిపి ఉండవచ్చు. అలా అయితే ఇంకో ఏరియాలో అంతే తగ్గుదల కనిపించాలి. ఈ రెండూ కావని తేలితే ఇక మిగిలేది టార్గెట్ అందుకోవడానికి డిస్ట్రిబ్యూటర్ దగ్గర అవసరానికి మించి సరుకు దింపే, మనందరికీ తెలిసిన నెలాఖరు లోడింగే. అయినా పేజీలో మాత్రం ఆ మాట రాయవద్దు. "ఆఖరి మూడు రోజుల్లో 71 లక్షలు బిల్ అయింది, అందులో 49 డిటర్జెంట్, స్టాకు 30 రోజులకు చేరింది" అన్నంతవరకే రాయండి. ఆ సరుకును ఎంత క్రెడిట్‌పై ఇచ్చారు, వెనక్కి తీసుకుంటామని ఎవరైనా మాట ఇచ్చారా అన్నవి ఆర్‌ఎస్‌ఎం అడగవలసిన ప్రశ్నలు, మీరు తీర్పు చెప్పవలసినవి కావు. ఈ పేజీ ఎవరెవరికి ఫార్వర్డ్ అవుతుందో మీ చేతిలో లేదు.

అన్ని తేడాలూ వ్యాపారంలోవి కావు. ఆ క్వార్టర్‌లో పుట్టిన డేటా తేడాలు రెండు ప్రత్యేకంగా చెప్పాలి.

మొదటిది, ఎంఆర్‌పీ మారినప్పుడు చాలా కంపెనీలు కొత్త ఐటమ్ కోడ్ తెరుస్తాయి. అప్పుడు ఐటమ్ టేబుల్‌లో పాత సబ్బు 100 శాతం పడిపోయినట్టు, దాని పక్కనే పోయినేడు లేని కొత్త సబ్బు ఒకటి పుట్టినట్టు కనిపిస్తుంది. బాగా పెరిగినవి పది, బాగా పడిపోయినవి పది అని జాబితా తీస్తే రెండు జాబితాలూ ఇవే ఆక్రమిస్తాయి. పాత కోడ్‌కు కొత్త కోడ్ ఏదో ఒక చిన్న పట్టికలో రాసుకుని రెండింటినీ కలిపిన తర్వాతే ఐటమ్ ట్రెండు చూడండి.

రెండోది మరింత ప్రమాదకరం. మీకు వచ్చే అమ్మకం కాలమ్ పన్ను కలిపిన ఇన్‌వాయిస్ విలువా, పన్ను లేని నికర విలువా అన్నది ఖాయం చేసుకోండి. 100 రూపాయల సబ్బు పాత రేటులో 118కి బిల్ అయ్యేది, కొత్త రేటులో 105కి బిల్ అవుతుంది. ఒక్క సబ్బు కూడా తగ్గకుండానే ఇన్‌వాయిస్ విలువ 11 శాతం పడిపోతుంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు: అదే ఐటమ్‌కు కేసుల సంఖ్య చూడండి. సెప్టెంబర్ 22 తర్వాత కేసులు నిలకడగా ఉండి విలువ మాత్రం దాదాపు 11 శాతం తగ్గిందంటే కాలమ్‌లో పన్ను కలిసి ఉన్నట్టే. ఈ రేట్ల మార్పు ప్రభావం 2026 సెప్టెంబర్ వరకు ప్రతి పోయినేటి పోలికలోనూ ఉంటుంది, కాబట్టి ఇన్‌వాయిస్ విలువతో గ్రోత్ లెక్కకట్టే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకోండి.

ఇవన్నీ చూశాక పేజీ ఎలా ఉండాలో నేనైతే ఇలా రాస్తాను:

> ముఖ్యాంకెలు. దుకాణాలకు అమ్మకం 2110 లక్షలు, పోయినేటికన్నా 3.9 శాతం ఎక్కువ. మన బిల్లింగ్ 2090 లక్షలు, 1.5 శాతం ఎక్కువ, టార్గెట్‌లో 93 శాతం. రాజమండ్రిలో స్టాకు 46 లక్షలు పెరగకపోతే బిల్లింగ్ 0.8 శాతం తగ్గి ఉండేది.
>
> ట్రెండు. జూలై, ఆగస్టుల్లో 8–9 శాతం పెరిగిన బిల్లింగ్ సెప్టెంబర్‌లో 12 శాతం తగ్గింది. తగ్గింది జీఎస్టీ మారిన సబ్బులు, తలనూనెలోనే (29 శాతం). పన్ను మారని డిటర్జెంట్ రాజమండ్రి మినహా 3 శాతం పెరిగింది. నాలుగు ఏరియాల్లో స్టాకు 15 రోజులకు దిగింది.
>
> గమనించవలసినది. రాజమండ్రి స్టాకు 30 రోజులు. సెప్టెంబర్ ఆఖరి మూడు రోజుల్లో 71 లక్షలు బిల్ అయింది, 49 డిటర్జెంట్. కొత్త డిస్ట్రిబ్యూటర్లు లేరు.
>
> అడగవలసినవి. రాజమండ్రి బిల్లులకు ఇచ్చిన క్రెడిట్ ఎంత? విశాఖపట్నంలో 13 రోజుల స్టాకుతో దసరా సరుకు సరిపోతుందా?

చివరి ప్రశ్న గురించి ఒక మాట. రాజమండ్రిమీదే చూపు నిలిచిపోతే విశాఖపట్నం మరుగున పడుతుంది. అక్కడ సెకండరీ 520 ఉన్నా ప్రైమరీ 492 దగ్గర ఆగి, స్టాకు 104 నుంచి 76కు పడింది. పండుగ రెండు రోజుల్లో ఉండగా ఇది తక్కువ స్టాకు. మీ పేజీ అక్టోబర్ మొదటి రోజుల్లోనే చేరితే ఆర్‌ఎస్‌ఎం దీన్ని దీపావళిలోపు సరిచేయించగలరు, పదిహేనో తారీఖున చేరితే చదివి పక్కన పెడతారు. అందుకే ఐటమ్ వివరాలు పూర్తి కాకపోయినా సరే, స్టాకు రోజుల లెక్క తేలగానే పేజీ పంపి, మిగతాది తర్వాత జత చేయమని మా టీమ్‌కు చెబుతుంటాను.

శాతాలను ఒక దశాంశం దాటి రాయవద్దు. చిన్న మొత్తాలపై శాతాలు అసలే వద్దు: 2 లక్షల ఐటమ్ 4 లక్షలైతే 100 శాతం గ్రోత్ అని రాయడం చదివేవారి కన్నును అనవసరమైన చోటుకు లాగుతుంది. రీజియన్ అమ్మకంలో ఒక శాతం, మన లెక్కలో 20 లక్షలకు పైగా కదిలినదాన్నే పేజీలోకి తీసుకోవడం నా పద్ధతి. మీ రీజియన్ పరిమాణాన్ని బట్టి ఆ గీత మీరే గీసుకోండి. ఒకసారి గీశాక క్వార్టర్‌కొకటిగా మార్చవద్దు, లేకపోతే పోయిన క్వార్టర్ పేజీతో ఈ పేజీని పోల్చడం కుదరదు.

పేజీ పంపేముందు సంబంధిత ఏరియా మేనేజర్‌కు ఫోన్ చేసి, "మీ క్లోజింగ్ స్టాకు 120 లక్షలని వస్తోంది సార్, సరైనదేనా?" అని అంకె ఒక్కటే అడగండి. వివరణ అడగవద్దు. అంకె తప్పయితే అక్కడే తెలిసిపోతుంది, తప్పు కాకపోతే ఆయన కూడా మీటింగ్‌కు సిద్ధపడి వస్తారు. తర్వాత అక్టోబర్ చివర్లో ఆ డిస్ట్రిబ్యూటర్ల పేరిట క్రెడిట్ నోట్లు ఎన్ని పడ్డాయో ఒకసారి తీసి చూడండి. 46 లక్షల్లో పెద్ద భాగం వెనక్కి వచ్చి ఉంటే, వచ్చే క్వార్టర్ పేజీలో రాజమండ్రి ప్రైమరీని ఆ మేరకు సరిచేసిన అంకెతోనే పోల్చాలి.